పొడి సిరప్‌లో నీళ్ళు గీత దాకా ఎట్లా పోయాలి, కలిపాక ఎన్ని రోజులు వాడాలి

ప్రశ్న: "సార్, మాది దేవరకొండ దగ్గర ఊరు. మా పాపకు రెండేండ్లు, 10 కిలోలు ఉంటది. చెవి నొప్పి, జ్వరం అంటే డాక్టర్ అమాక్సిసిలిన్-క్లావులానిక్ యాసిడ్ పొడి సిరప్ రెండు సీసాలు రాసిండు. రోజుకు రెండుసార్లు 5 మి.లీ., 5 రోజులు. నీళ్ళు కాచి చల్లార్చి గీత దాకా పోయమన్నరు. పోసి ఊపితే గీత కిందికి దిగింది. మళ్ళీ పోయాల్నా? రెండు సీసాలూ ఒక్కసారే కలిపి పెట్టుకోవచ్చా? ఎన్ని రోజులు ఉంటది? మా ఇంట్ల ఫ్రిజ్ లేదు."

జవాబు:

చెల్లెమ్మా, ముందు మీకు ఇప్పుడే కావాల్సిన మాట. మొదటిసారి కలిపేటప్పుడు మట్టం దిగితే మళ్ళీ గీత దాకా పోయాలి. రెండో సీసా ఇప్పుడే కలపొద్దు. కలిపిన సీసా ఫ్రిజ్‌లో పెడితే ఏడు రోజులు. ఫ్రిజ్ లేకపోతే ఈ మందుకు ఆ ఏడు రోజుల లెక్క వర్తించదు, దాని సంగతి కింద చెప్తాను.

నేను నల్గొండలో మందుల షాపు నడుపుతాను. పిల్లల దవాఖానల నుంచి వచ్చే చీటీల్లో పొడి సిరప్ లేని రోజు ఉండదు. సీసా ఇచ్చేటప్పుడు మేము రెండు ముక్కల్లో చెప్పి పంపిస్తాం, వెనకాల పది మంది నిలబడి ఉంటారు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ఈ మందును పొడిగా ఎందుకు అమ్ముతారంటే, నీళ్ళు తగిలిన క్షణం నుంచి అది విరగడం మొదలవుతుంది. అమాక్సిసిలిన్ పెన్సిలిన్ కుటుంబంలోది. దాని పనితనమంతా దానిలో ఉండే ఒక చిన్న రసాయన వలయంలో ఉంటుంది. నీళ్ళలో ఆ వలయం మెల్లమెల్లగా తెగిపోతుంది, వేడి ఉంటే ఇంకా తొందరగా తెగుతుంది. పక్కన ఉన్న క్లావులానిక్ యాసిడ్ అంతకంటే సున్నితం, ముందు పోయేది అదే. కొన్ని క్రిములు అమాక్సిసిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ తయారు చేసుకుంటాయి, ఆ ఎంజైమ్‌ను ఆపడానికే క్లావులానిక్ యాసిడ్ కలుపుతారు. అది పోయిన సీసా తెల్లగానే ఉంటుంది, తియ్యగానే ఉంటుంది, పిల్ల తాగుతుంది కూడా. కానీ డాక్టర్ ఏ పని కోసం ఆ రెండో మందు చేర్చి రాశారో ఆ పని జరగదు. పొడిగా ఉన్నంతకాలం పెట్టె మీద వేసిన ఎక్స్‌పైరీ తేదీ పనిచేస్తుంది. నీళ్ళు పోశాక ఆ తేదీ ఇంకా ఏడాది ఉన్నా లెక్కలోకి రాదు, కలిపిన రోజు నుంచి కొత్త లెక్క మొదలు.

ఇక కలపడం. ముందు పెట్టె లోపల చూడండి. కొన్ని కంపెనీలు సీసాతో పాటు చిన్న ప్లాస్టిక్ గొట్టంలో స్టెరైల్ వాటర్ ఇస్తాయి. అది ఉంటే కాచిన నీళ్ళు అక్కర్లేదు. మూతి తుంచి ఆ నీళ్ళు మొత్తం, చుక్క మిగలకుండా సీసాలో పిండాలి. ఆ సీసాకు సరిపడా కొలిచే ఇస్తారు. అది పోసి, మళ్ళీ పైన కాచిన నీళ్ళు కూడా పోసేవాళ్ళు ఉన్నారు. అట్లా చేయొద్దు.

గొట్టం లేకపోతే కాచిన నీళ్ళు. శుభ్రంగా కడిగిన చిన్న స్టీలు గిన్నెలో ఒక గ్లాసు నీళ్ళు పెట్టి, బుడగలు బాగా వచ్చాక ఇంకో నాలుగైదు నిమిషాలు మరగనివ్వాలి. దించి మూత పెట్టి వదిలేయాలి. గిన్నె బయట చెయ్యి పెడితే మామూలు చల్లదనం తగలాలి, గోరువెచ్చగా కూడా ఉండొద్దు. తొందరపడి వెచ్చని నీళ్ళు పోస్తే రెండు నష్టాలు. మందు అక్కడే కొంత పోతుంది, పొడి కూడా ముద్దలు కట్టి అడుగున పట్టుకుంటుంది. పొద్దున కాచిపెట్టి ఇంటిల్లిపాదీ గ్లాసు ముంచిన నీళ్ళు కూడా వద్దు. ఈ పనికి విడిగా కాచుకోండి.

ఏ నీళ్ళు కాచాలని మన జిల్లావాళ్ళు తప్పకుండా అడుగుతారు, ఫ్లోరైడ్ భయం మనకు పుట్టుకతో వచ్చింది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ దించే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని పేరు పడ్డ నేల ఇది. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ అది కాస్త చిక్కబడుతుంది కూడా. అయితే ఈ సీసాలో పట్టే నీళ్ళు 30 మి.లీ. కంటే తక్కువే. లీటరుకు 3 మి.గ్రా. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళు పోసినా సీసా మొత్తానికి 0.09 మి.గ్రా. దాటదు. అదే బోరు నీళ్ళు పిల్ల ఒక చిన్న గ్లాసు తాగితే అంతకు మూడింతలు లోపలికి పోతుంది. కాబట్టి సిరప్ విషయంలో ఫ్లోరైడ్ టెన్షన్ పెట్టుకోవద్దు. భగీరథ నల్లా నీళ్ళు గానీ, ఫిల్టర్ ప్లాంటు క్యాన్ నీళ్ళు గానీ తీసుకొని కాచండి. క్యాన్ నీళ్ళు మినరల్ వాటర్ కదా, కాచేదెందుకు అంటారు. ఆ క్యాను ఎన్ని చేతులు మారి వచ్చిందో, ఎప్పుడు కడిగారో మనకు తెలియదు. తియ్యటి సిరప్‌లో క్రిమి పడితే పెరగడానికి దానికి వారం టైం దొరుకుతుంది.

నీళ్ళు చల్లారేలోపు సీసా చేతిలోకి తీసుకోండి. మూత తియ్యకముందే తలకిందులు చేసి, అరచేతికి రెండు మూడుసార్లు తట్టండి. పొడి గలగలా కదలాలి. అడుగున గడ్డకట్టి ఎంత తట్టినా కదలకపోతే లోపలికి తేమ పోయిందని అర్థం. దాన్ని కలపకుండా, బిల్లుతో సహా కొన్న షాపుకే తీసుకుపోయి మార్చమనండి. మూత సీలు తెగి ఉన్నా అంతే.

పొడి కదిలాక మూత తీసి, గీత ఎత్తులో సగం దాకా మాత్రమే నీళ్ళు పోయాలి. గిన్నెతో పోస్తే ఒక్కసారిగా పడిపోతాయి, కాబట్టి మందుతో వచ్చే కొలత కప్పును కడిగి దానితో పోసుకోండి. మూత బిగించి బాగా ఊపండి. సీసాను వెలుతురుకు పెట్టి అడుగు చూడండి. మూలల్లో తెల్లగా పొడి అతుక్కొని ఉంటే మళ్ళీ ఊపాలి. అంతా తడిశాక ఒకటి రెండు నిమిషాలు పక్కన పెట్టండి. పైన నురగ ఉంటుంది, అది దిగాలి. నురగను మందు అనుకొని గీత దాకా వచ్చేసిందని ఆపేసేవాళ్ళే ఎక్కువ. నురగ దిగాక సీసాను బల్ల మీద పెట్టి, మీరు కిందికి వంగి, కంటికి ఎదురుగా గీత పెట్టుకొని చూస్తూ మిగతా నీళ్ళు పోయండి. గీత కొన్ని సీసాలకు గాజు మీదే ఉబ్బెత్తుగా ఉంటుంది, కొన్నిటికి లేబుల్ మీద బాణం గుర్తు ఉంటుంది. మళ్ళీ ఊపండి. మట్టం దిగితే ఇంకొంచెం పోసి గీతకు తెచ్చి, చివరగా ఇంకోసారి ఊపండి.

మీకు మట్టం దిగింది ఇందుకే. పొడి గింజల మధ్య గాలి ఉంటుంది, ఊపినప్పుడు గాలి బయటికి వచ్చి నీళ్ళు ఆ సందుల్లోకి పోతాయి. కాబట్టి మీరు మళ్ళీ పోయాల్సిందే. కానీ ఈ నింపడం మొదటి డోసు తియ్యకముందు మాత్రమే. ఒక్క డోసు బయటికి తీశాక ఇక ఆ సీసాలో చుక్క నీళ్ళు పోయకూడదు. రెండో రోజు చూసి, గీత కిందికి పోయింది కదా అని మళ్ళీ గీత దాకా నింపినవాళ్ళు మా షాపుకే వచ్చారు, ఒకావిడ రోజూ నింపింది. మందు అయిపోవడమే లేదు, పిల్లగానికి జ్వరం తగ్గడమూ లేదు.

గీతకు అంత పట్టింపు ఎందుకో మీ సీసాతోనే లెక్క చూద్దాం. మీ పాప బరువుకు, మీకు చెప్పిన 5 మి.లీ. డోసుకు సాధారణంగా రాసేది 228.5 అని ముద్ర ఉండే 30 మి.లీ. సీసా. లేబుల్ మీద మీరూ ఒకసారి చూసుకోండి. దాని అర్థం 5 మి.లీ.లో అమాక్సిసిలిన్ 200 మి.గ్రా., క్లావులానిక్ యాసిడ్ 28.5 మి.గ్రా. అంటే సీసా మొత్తంలో అమాక్సిసిలిన్ 1200 మి.గ్రా. ఆ 1200 మారదు, మీరు పోసే నీళ్ళే మారతాయి. నురగ చూసి మోసపోయి 24 మి.లీ. దగ్గరే ఆపేశారనుకోండి, 5 మి.లీ.లో 250 మి.గ్రా. పోతుంది. డాక్టర్ రాసిన దానికంటే పావు వంతు ఎక్కువ, పిల్లకు విరేచనాలు పట్టుకునే అవకాశం పెరుగుతుంది. గీత దాటించి మెడ దాకా 40 మి.లీ. చేశారనుకోండి, 5 మి.లీ.లో 150 మాత్రమే. పావు వంతు తక్కువ. ఈ రెండోది ఇంకా చెడ్డది, ఎందుకంటే ఎవరికీ తెలియదు. మందు వేస్తూనే ఉంటారు, చెవి నొప్పి తగ్గదు, డాక్టర్ ఈ మందు పనిచేయలేదని ఇంకా పెద్ద మందుకు మారుస్తాడు.

పొరపాటున గీత దాటితే పైనుంచి కొంచెం పారబోయొద్దు, నీళ్ళతో పాటు మందూ పోతుంది. ఒకటి రెండు చుక్కలు దాటితే ఏం కాదు. బాగా దాటితే ఆ సీసా వదిలేసి కొత్తది తెచ్చుకోండి.

పోసేటప్పుడు ప్రతిసారీ ఊపాలి. ఈ మందు ఉప్పులా నీళ్ళలో కరిగిపోదు, తేలుతూ ఉండి నిలబడితే అడుగుకు దిగుతుంది. ఊపకుండా వేస్తే మొదటి రోజుల్లో పలచని నీళ్ళు, చివరి రోజున చిక్కటి మందు పోతుంది. కొలత కప్పుతో గానీ, సూది లేని సిరంజితో గానీ 5 మి.లీ. కొలవండి. ఇంట్లో చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు. అన్నం తిన్నాక గానీ, తినేటప్పుడు గానీ వేస్తే ఈ మందు కడుపుకు పడుతుంది. పాల సీసాలో కలపొద్దు. పిల్ల సగం తాగి వదిలేస్తే ఎంత పోయిందో చెప్పలేం.

ఇప్పుడు రెండు సీసాల సంగతి. రోజుకు 10 మి.లీ. చొప్పున 5 రోజులకు 50 మి.లీ. కావాలి. ఒక సీసాలో 30 మి.లీ., అంటే ఆరు డోసులు. సోమవారం సాయంత్రం మొదటి సీసా కలిపి వేశారనుకుందాం. సోమవారం సాయంత్రం ఒకటి, మంగళవారం రెండు, బుధవారం రెండు, గురువారం పొద్దున ఆరోది. సీసా ఖాళీ. గురువారం సాయంత్రం రెండోది కలపాలి. ఆ సాయంత్రం ఒకటి, శుక్రవారం రెండు, శనివారం పొద్దున ఒకటి. పది డోసులు పూర్తి. రెండూ సోమవారమే కలిపితే రెండో సీసా మూడు రోజులు ఊరికే నానుతుంది. పొడిగా ఉంటే దానికి ఏమీ కాదు. పైగా బుధవారం నాడు పాపకు ఒంటి మీద దద్దుర్లు వచ్చో, ఇంకేదో అయ్యో డాక్టర్ మందు మార్చితే, కలపని సీసా మీకు కనీసం పారబోయాల్సిన పని ఉండదు.

కలిపిన వెంటనే లేబుల్ మీద పెన్నుతో తేదీ, టైం రాయండి. "సోమవారం 14, సాయంత్రం 7" అని రాస్తే చాలు. ఏడు రోజులంటే వచ్చే సోమవారం సాయంత్రం 7 వరకే. ఇంట్లో ఒకరు కలిపి ఇంకొకరు వేస్తుంటారు, నాలుగు రోజులకు ఎవరికీ గుర్తుండదు.

ఈ ఏడు రోజులు అన్ని పొడి సిరప్‌లకూ ఒకటే అనుకోవద్దు. సెఫిక్సిమ్, అజిత్రోమైసిన్ లాంటివి మామూలు గది వేడిలోనూ కొన్ని రోజులు నిలబడతాయి. క్లారిత్రోమైసిన్‌నైతే ఫ్రిజ్‌లో పెట్టనే కూడదు, చిక్కబడి సీసాలోంచి రాదు. ఒకే మందుకు కూడా కంపెనీని బట్టి లేబుల్ మీద రోజులు వేరుగా ఉంటాయి. లేబుల్ మీద ఏది రాసి ఉంటే అదే లెక్క, పక్కింటివాళ్ళ సిరప్ లెక్క మనకు పనికిరాదు.

మీ మందుకు మాత్రం ఫ్రిజ్ కావాలి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య అని లేబుల్ మీద ఉంటుంది. అంటే కింది అరల్లో, లోపలి వైపు. తలుపులో పెడితే తీసినప్పుడల్లా వేడి గాలి తగులుతుంది. పైన ఐస్ కట్టే డబ్బాలో అసలు పెట్టొద్దు. కరెంటు గంటో రెండు గంటలో పోతే ఫ్రిజ్ తలుపు తియ్యకుండా ఉంచితే చాలు.

ఫ్రిజ్ లేదన్నారు. ఎండాకాలం దేవరకొండ వైపు రేకుల ఇంట్లో మధ్యాహ్నం వేడి ఎట్లా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. ఆ వేడిలో కలిపిన సీసా ఎన్ని రోజులు ఉంటుందని అడిగితే, ఒక్క రోజు లెక్క కూడా నేను చెప్పను. తడిగుడ్డ చుట్టడం, కుండ పక్కన పెట్టడం చేస్తే బయటి కంటే చల్లగా ఉంటుంది కానీ 8 డిగ్రీలకు రాదు. కాబట్టి రెండు దారులు. పక్కింట్లోనో, దగ్గరి కిరాణా షాపులోనో ఫ్రిజ్ ఉంటే అడిగి, సీసాను ఒక కవర్‌లో వేసి, మీ పాప పేరు రాసి అక్కడ పెట్టండి. పొద్దున, సాయంత్రం పోయి ఒక డోసు కొలిచి తెచ్చుకోండి, సీసాను ఇంటికీ అక్కడికీ తిప్పొద్దు. అది కుదరకపోతే ఇవ్వాళే డాక్టర్‌కు ఫోన్ చేసి "మా ఇంట్ల ఫ్రిజ్ లేదు సార్" అని చెప్పండి. ఆయన మందు మార్చొచ్చు, లేదా నీళ్ళలో కరిగే గోలీ రాయొచ్చు. డోసు వేసేటప్పుడే చెంచాడు నీళ్ళలో కరిగించి పట్టించే గోలీలు పిల్లలకు ఉన్నాయి, వాటికి ఫ్రిజ్ అక్కర్లేదు. ఈ మాట చీటీ రాసేటప్పుడే చెప్తే డాక్టర్ పని సులువు. చాలామంది మొహమాటానికి చెప్పరు, డాక్టర్లు అందరూ అడగరు.

కొందరు షాపులోనే కలిపి ఇమ్మంటారు. ఇల్లు దగ్గరైతే మంచిదే, మేము గీత చూసి కలుపుతాం. మీలా బస్సెక్కి ఊరికి పోయేవాళ్ళకైతే నేను పొడిగానే ఇస్తాను. కలిపిన సీసా ఎండలో బస్సులోనో, బండి డిక్కీలోనో పోతే ఇంటికి చేరేసరికే కొంత పనితనం పోయి ఉంటుంది. పొడి సీసాను కూడా డిక్కీలో వదిలేయకుండా చేతి సంచిలో పెట్టుకొని పోండి.

చెడిపోయిందని ఎట్లా తెలుస్తుందంటే, ఈ సిరప్ కలిపినప్పుడు తెలుపు, లేదా లేత గోధుమ వన్నెలో ఉంటుంది. ముదురు పసుపుకో, గోధుమ రంగుకో తిరిగితే వేయొద్దు. ఎంత ఊపినా ముద్దలు విడకపోయినా, వాసన మారినా వేయొద్దు. అయితే రంగు మారలేదు కాబట్టి బాగుందని మాత్రం అనుకోవద్దు. పైన చెప్పినట్టు పనితనం పోయినా రంగు చాలాసార్లు మారదు. తేదీ దాటిందా లేదా అన్నదే మొదట చూసుకోవాలి.

శనివారం పొద్దున పది డోసులు అయ్యాక మీ రెండో సీసాలో 10 మి.లీ. మిగులుతుంది. లేబుల్ ప్రకారం దానికి వచ్చే గురువారం దాకా టైం ఉంది కానీ, మీ పాపకు దానితో పని అయిపోయింది. వచ్చే నెల జలుబు చేస్తే వేద్దామని దాచొద్దు. అప్పటికి అందులో మందు మిగలదు, మామూలు జలుబుకు ఈ మందు పనిచేయదు కూడా. చిన్నోడికి వేద్దామన్నా వద్దు, వాడి బరువు వేరు, డోసు వేరు. వాడిన టీ పొడిలోనో, మట్టిలోనో కలిపి కవర్‌లో కట్టి చెత్తలో వేసేయండి. సీసా లేబుల్ చింపి పారేయండి, కడిగి నూనెకో ఇంకోదానికో వాడొద్దు.

మూడు రోజులు సరిగ్గా కలిపిన మందు వేసినా జ్వరం దిగకపోతే, చెవిలోంచి చీము కారితే పాపను డాక్టర్‌కు చూపించండి. ఏ డోసు తర్వాతైనా దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే మందు ఆపి పాపను దవాఖానకు తీసుకుపోండి. ఊపిరి ఆడకపోతే 108కు ఫోన్ చేయండి. పోయేటప్పుడు సీసా కూడా తీసుకుపోండి. లేబుల్ మీద మీరు రాసిన తేదీ, సీసాలో మిగిలిన మట్టం చూస్తే డాక్టర్‌కు సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.